సంవత్సరం మధ్యలో చేరినవారికి, మధ్యలో మానేసేవారికి వేరియబుల్ పే ఎలా లెక్కేస్తారు?

ప్రశ్న: ఆగస్టు 18న కంపెనీలో చేరాను. మాకు పెర్ఫార్మెన్స్ సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఫిక్స్‌డ్ జీతం ఏడాదికి 12 లక్షలు, దాని మీద 20 శాతం వేరియబుల్ అని ఆఫర్ లెటర్లో ఉంది. కంపెనీ స్కోరు 90 శాతం వచ్చింది, నా రేటింగ్‌కి వంద శాతం అన్నారు. జూన్‌లో పన్ను కోతకు ముందు 83,050 చూపించారు. మధ్యలో చేరావు కదా, ప్రోరేటా అంతే వస్తుంది అంటున్నారు హెచ్‌ఆర్. ఇది కరెక్టేనా? ఇంకో విషయం, ఈ అక్టోబర్ ఆఖరున మానేద్దామనుకుంటున్నా. ఏప్రిల్ నుంచి పనిచేసిన ఏడు నెలలకి వేరియబుల్ ఇస్తారా?

సమాధానం:

కరెక్టు కాదు. మీకు ప్రోరేటా ఒకసారి కాదు, రెండుసార్లు కోశారు. మీ ప్లాన్ ఏ పద్ధతిలో ఉన్నా సరే, మీకు రావాల్సింది లక్షా పాతిక వేల పైమాటే. జీతాలు, బోనస్‌ల లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మధ్యలో చేరినవాళ్ల విషయంలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు, రెండు టీములు విడివిడిగా సరైన పనే చేస్తే కలిపి తప్పు లెక్క తయారవుతుంది. ఎలాగో చెప్తాను, మీ కాగితాలతో మీరే సరిచూసుకోవచ్చు.

ముందు రోజుల లెక్క. ఆగస్టు 18 నుంచి 31 దాకా, చేరిన రోజుతో కలిపి, 14 రోజులు. సెప్టెంబర్ 30, అక్టోబర్ 31, నవంబర్ 30, డిసెంబర్ 31, జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31. మొత్తం 226. ఏడాదిలో 365 రోజులు కాబట్టి మీ వాటా 61.92 శాతం. చాలామంది చివరి తేదీలోంచి మొదటి తేదీ తీసేసి 225 అంటారు, చేరిన రోజు లెక్కలోంచి జారిపోతుంది. ఎక్సెల్లో వేసుకోవాలంటే ఈ ఫార్ములా చేరినవారికీ మానేసినవారికీ ఇద్దరికీ పనికొస్తుంది:

```
=(MIN(E2,C2)-MAX(D2,B2)+1)/(C2-B2+1)
```

B2లో సంవత్సరం మొదలైన తేదీ, C2లో ముగిసిన తేదీ, D2లో మీరు చేరిన తేదీ, E2లో మీ ఆఖరి పనిదినం. ఇంకా ఉద్యోగంలోనే ఉంటే E2లో ఎప్పుడో రాబోయే తేదీ ఏదైనా పెట్టండి. ఖాళీగా వదిలేసినా ఫర్వాలేదు, MIN ఖాళీ గడిని పట్టించుకోకుండా C2లోని తేదీనే తీసుకుంటుంది. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే హారం తనంతట తనే 366 అవుతుంది, అందుకే 365 అని చేత్తో రాయకపోవడం మంచిది.

ఇక డబ్బు లెక్క. కంపెనీలు ప్రోరేటాని మూడు రకాలుగా వేస్తాయి. మూడూ సబబైనవే, కానీ ఏదో ఒకటే వాడాలి.

మొదటిది, వార్షిక జీతం మీద రోజుల లెక్క. 12 లక్షల్లో 20 శాతం అంటే 2,40,000. దాన్ని 226తో గుణించి 365తో భాగిస్తే 1,48,603. కంపెనీ స్కోరు 90 శాతం, మీ రేటింగ్ వంద శాతం దాని మీద వేస్తే 1,33,742.

రెండోది, నెలల లెక్క. ఇందులో నెల మధ్యలో ఒక గీత ఉంటుంది. సాధారణంగా 15వ తేదీ లోపు చేరితే ఆ నెల పూర్తిగా ఇస్తారు, తర్వాత చేరితే ఆ నెల వదిలేస్తారు. మీరు 18న చేరారు కాబట్టి ఆగస్టు పోతుంది, సెప్టెంబర్ నుంచి 7 నెలలు. 2,40,000లో పన్నెండింట ఏడు వంతులు 1,40,000, దాని మీద 90 శాతం 1,26,000. ఇదే మీరు 14న చేరి ఉంటే 8 నెలలు లెక్కకొచ్చేవి, అప్పుడు 1,44,000. నాలుగు రోజుల తేడాకి 18,000 మారిందన్నమాట. అందుకే నాకు రోజుల లెక్కే న్యాయంగా అనిపిస్తుంది. కానీ ప్లాన్‌లో నెలల పద్ధతి ముందే రాసి ఉంటే అది ఒప్పందం, దాన్ని తప్పు పట్టలేం.

మూడోది, అర్హమైన సంపాదన పద్ధతి. కాగితాల మీద ఎలిజిబుల్ ఎర్నింగ్స్ అని ఉంటుంది. ఇందులో వార్షిక జీతం జోలికే వెళ్లరు. ఆ పెర్ఫార్మెన్స్ సంవత్సరంలో మీకు నిజంగా చెల్లించిన ఫిక్స్‌డ్ జీతం ఎంతో పేరోల్ నుంచి తీసుకుని, దాని మీద 20 శాతం వేస్తారు. మీ నెల జీతం లక్ష. ఆగస్టులో 31 రోజులకి 14 రోజుల జీతం 45,161, తర్వాత ఏడు నెలలకి 7 లక్షలు, మొత్తం 7,45,161. అందులో 20 శాతం 1,49,032. దాని మీద 90 శాతం 1,34,129.

మూడో పద్ధతిలో రోజుల శాతం ఎక్కడా రాలేదు, చూశారా? రావలసిన పని లేదు. మీరు 226 రోజులే పనిచేశారన్న సంగతి ఆ 7,45,161 అంకెలోనే ఇమిడి ఉంది. ఈ అంకె తీసుకున్నాక మళ్లీ 61.92 శాతంతో గుణిస్తే, ఒకే కారణానికి రెండుసార్లు కోత పడుతుంది.

మీకు జరిగింది అదే. 1,49,032ని 226/365తో గుణించండి, 92,278 వస్తుంది. దాని మీద 90 శాతం 83,050. అణా పైసలతో సహా మీకు చూపించిన అంకె.

ఇలాంటి అనుమానం ఉన్నవాళ్లు ఎవరైనా చేయదగ్గ పరీక్ష ఒకటుంది. వచ్చిన మొత్తాన్ని, రావాలని మీరు లెక్కేసుకున్న మొత్తంతో భాగించండి. 83,050ని 1,34,129తో భాగిస్తే 0.619. ఇది మీ ప్రోరేటా శాతమే. భాగఫలం మీ రోజుల శాతంతో సరిగ్గా కలిసిందంటే రెండుసార్లు కోశారని దాదాపు ఖాయం. కలవకుండా వేరే అంకె వస్తే, తేడా ఇంకెక్కడో ఉంది. కంపెనీ స్కోరు మీకు చెప్పినదానికంటే తక్కువ వేసి ఉండొచ్చు, లేదా 20 శాతం బదులు వేరే గ్రేడు శాతం పెట్టి ఉండొచ్చు.

రెండో ఆనవాలు మీ వేరియబుల్ లెటర్లోనే దొరుకుతుంది. జీతం అన్న చోట ఏ అంకె ఉందో చూడండి. అక్కడ 12,00,000 ఉండి, కింద ప్రోరేషన్ 61.92 శాతం అని ఉంటే సరే. అక్కడ 7,45,161 ఉండి ప్రోరేషన్ 100 శాతం అని ఉన్నా, అసలు ఆ వరుసే లేకపోయినా సరే. జీతం చోట 7,45,161, ప్రోరేషన్ చోట 61.92 రెండూ కనిపిస్తే మాత్రం అదే తప్పు. ఏడాదంతా పనిచేసినవాళ్లకి ఆ శాతం 100 కాబట్టి రెండోసారి గుణించినా ఏమీ మారదు. అందుకే వందలమంది ఉన్న షీటులో ఈ తప్పు ఎవరి కంటా పడదు. నష్టపోయేది మధ్యలో చేరినవాళ్లు, జీతం లేని సెలవు మీద వెళ్లొచ్చినవాళ్లు మాత్రమే. వాళ్లకేమో ప్రోరేటా కాబట్టి తక్కువ రావడం మామూలే అని ముందే చెప్పేసి ఉంటారు, ఎవరూ అడగరు.

ఇదెలా పుడుతుందంటే, పేరోల్ టీము ఆ సంవత్సరంలో చెల్లించిన జీతం అని ఒక ఫైలు పంపుతుంది. బోనస్ లెక్కేసే టీము దగ్గర పాత షీటు ఉంటుంది, అందులో వార్షిక జీతం కాలమ్, పక్కనే ప్రోరేషన్ కాలమ్ ఉంటాయి. ప్లాన్ మారి ఎర్నింగ్స్ పద్ధతి వచ్చాక పేరోల్ అంకెని తీసుకొచ్చి వార్షిక జీతం కాలమ్‌లో పెడతారు, పక్క కాలమ్ తీసేయడం మర్చిపోతారు. సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీల్లో కూడా ఇంతే, ఏ జీతం తీసుకోవాలన్నది ఒక సెట్టింగు, ప్రోరేట్ చేయాలా వద్దా అన్నది ఇంకో సెట్టింగు. రెండింటినీ కలిపి చూసేవాళ్లు లేకపోతే ఇలా తయారవుతుంది.

కాబట్టి హెచ్‌ఆర్‌ని "ఎందుకు తక్కువ వచ్చింది" అని అడగకండి. ఆ ప్రశ్నకి "మధ్యలో చేరారు కదా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది, మీకు ఇప్పటికే అదే వచ్చింది. ఇలా రాయండి:

"నా వేరియబుల్ లెక్కలో తీసుకున్న జీతం అంకె, ప్రోరేషన్ శాతం, కంపెనీ స్కోరు, వ్యక్తిగత స్కోరు నాలుగూ విడివిడిగా తెలియజేయగలరు. నా లెక్క ప్రకారం ఆగస్టు 18 నుంచి మార్చి 31 వరకు చెల్లించిన ఫిక్స్‌డ్ జీతం 7,45,161. అందులో 20 శాతానికి కంపెనీ స్కోరు 90 శాతం వర్తిస్తే 1,34,129 అవుతుంది. నాకు చూపిన 83,050 ఈ మొత్తాన్ని మళ్లీ 226/365తో గుణిస్తే వస్తోంది. చెల్లించిన జీతాన్నే ఆధారంగా తీసుకున్నప్పుడు ప్రోరేషన్ మళ్లీ వర్తించకూడదని భావిస్తున్నాను. దయచేసి సరిచూడండి."

నాలుగు అంకెలు విడిగా అడగడమే ఇందులో కీలకం. ఆ నాలుగూ ఒక వరుసలో రాసిన మనిషికి తప్పు అక్కడే కనిపిస్తుంది. సాధారణంగా తర్వాతి నెల జీతంతో తేడా మొత్తం బకాయి కింద వేస్తారు. అక్టోబర్‌లో మానేసే ఆలోచన ఉంది కాబట్టి ఈ మెయిల్ ఇవాళే పంపండి. రాజీనామా ఇచ్చాక కూడా పాత బకాయి మీద మీ హక్కు పోదు, కానీ అప్పుడు అది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ గందరగోళంలో కలిసిపోతుంది, వెంటపడి తిరగాల్సి వస్తుంది. ఇంకోటి, మీతోపాటు ఆ ఏడాది మధ్యలో చేరిన సహోద్యోగులు ఉంటే వాళ్లకీ చెప్పండి. షీటు ఒకటే కాబట్టి వాళ్లకీ ఇదే జరిగి ఉంటుంది.

వాళ్లు నెలల పద్ధతి చూపించి 1,26,000 అంటే ప్లాన్ కాగితం అడిగి చూడండి, నిజంగా అలా ఉంటే ఒప్పుకోవాల్సిందే. ఆ పద్ధతిలో కూడా మీకు ఇంకా 42,950 రావాలి.

మీ రేటింగ్ గురించి ఒక మాట. మధ్యలో చేరినవాళ్లకి, ముఖ్యంగా ఆరు నెలలైనా నిండనివాళ్లకి, చాలా కంపెనీలు అసలు రేటింగ్ ఇవ్వవు, వంద శాతం అనుకుని లెక్కేస్తాయి. మీకు ఏడు నెలలు దాటింది, వంద శాతం ఇచ్చారు, అందులో ఇబ్బందేమీ లేదు.

సేల్స్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు రెండుసార్లు కోత ఇంకో రూపంలో వస్తుంది, అది ఇంతకంటే ప్రమాదకరం. డబ్బుని ప్రోరేట్ చేస్తారు, టార్గెట్‌ని మాత్రం ఏడాది మొత్తానిదే ఉంచేస్తారు. ఏడాది టార్గెట్ 100 యూనిట్లు, మీరు కూడా ఆగస్టు 18న చేరి మార్చి లోపు 55 అమ్మారనుకోండి. టార్గెట్‌ని కూడా రోజుల ప్రకారం తగ్గిస్తే అది 62 అవుతుంది, మీరు సుమారు 89 శాతం సాధించినట్టు. తగ్గించకపోతే 55 శాతమే. ఎన్నో ప్లాన్లలో 80 శాతం దాటితేనే చెల్లింపు మొదలవుతుంది. అంటే ఒకే అమ్మకాలకి ఒక లెక్కలో మంచి మొత్తం, ఇంకో లెక్కలో సున్నా. చేరిన మొదటి నెలలోనే మీ టార్గెట్ కాగితం మీద తేదీలు ఉన్నాయా, అంకె తగ్గించారా అని చూసుకోండి. అమ్మకాలు కొన్ని నెలల్లోనే ఎక్కువగా ఉండే వ్యాపారమైతే రోజుల ప్రకారం తగ్గించడం కూడా సరిపోదు, మీరు పనిచేసిన నెలలకి కంపెనీ వేసుకున్న నెలవారీ టార్గెట్లు కూడితే వచ్చే అంకె అడగాలి.

జీతం మధ్యలో పెరిగినవాళ్లకి, జీతం లేని సెలవు తీసుకున్నవాళ్లకి పద్ధతిని బట్టి కొంచెం తేడా వస్తుంది. ఎర్నింగ్స్ పద్ధతిలో పెంపు ఏ నెల నుంచి వస్తే ఆ నెల నుంచే లెక్కకొస్తుంది, సెలవు రోజులు తమంతట తామే తగ్గిపోతాయి. సంవత్సరాంతపు వార్షిక జీతం తీసుకుంటే పెంపు ఏడాది మొత్తానికి వర్తించినట్టవుతుంది. మీకు ఇప్పుడు అది సంబంధం లేదు కాబట్టి అక్కడితో వదిలేస్తాను.

ఇక మీ రెండో ప్రశ్న, అక్టోబర్ 31న మానేస్తే ఏమవుతుంది అన్నది.

మధ్యలో చేరినవాళ్లకి ప్రోరేటా ఇచ్చినట్టే మధ్యలో మానేసినవాళ్లకీ ఇస్తారని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకటి కాదు. చేరినవారికి ప్రోరేటా ఇవ్వడం దాదాపు అన్ని ప్లాన్లలో ఉంటుంది. తమంతట తాము రాజీనామా చేసినవారికి మాత్రం ఎక్కువ ప్లాన్లలో ఏమీ ఉండదు, పదకొండు నెలలు పనిచేసినా సరే. వెళ్లిపోయేవాళ్లలో ప్రోరేటా దక్కేది సాధారణంగా రిటైరైనవారికి, కంపెనీయే ఉద్యోగం తీసేసినవారికి, అనారోగ్యం వల్ల కొనసాగలేనివారికి, చనిపోయినవారి కుటుంబానికి. వాళ్లలో కూడా కొందరికి వెంటనే వంద శాతం స్కోరు అనుకుని ఇచ్చేస్తారు, కొందరికి సంవత్సరం ముగిసి అసలు స్కోరు వచ్చాక అందరితోపాటు ఇస్తారు. ఏది వర్తిస్తుందో ప్లాన్‌లో ఉంటుంది.

మీ ప్లాన్ కాగితంలో మీరు వెతకాల్సింది ఒకే ఒక్క వాక్యం. "వేరియబుల్‌కి అర్హత పొందాలంటే ఉద్యోగి ఫలానా తేదీన కంపెనీలో ఉండాలి" అన్న వాక్యం. అక్కడ ఉన్న తేదీ ఏదన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఆ తేదీ మార్చి 31 అయితే, ఆ రోజు దాకా ఉంటే చాలు, మొత్తం మీదే. ఏప్రిల్‌లో వెళ్లిపోయినా జూన్‌లో వచ్చి ఖాతాలో పడాలి. ఆ తేదీ చెల్లింపు రోజు అయితే, జూన్‌లో డబ్బు పడేదాకా ఉండాలి. మేలో వెళ్లిపోతే మార్చితో ముగిసిన సంవత్సరం మొత్తానిదీ పోతుంది. ఇంకా కఠినమైనది మూడోది, చెల్లింపు రోజున ఉద్యోగంలో ఉండటమే కాదు, నోటీసు పీరియడ్‌లో కూడా ఉండకూడదు అన్నది. అలా రాసి ఉన్నచోట డబ్బు ఖాతాలో పడిన తర్వాతే రాజీనామా మెయిల్ పంపాలి, ఒక్కరోజు ముందు పంపినా పోయినట్టే. జూన్‌లో పడేదాన్ని మేలోనే పడుతుందని అనుకుని ముందే మెయిల్ పంపి పోగొట్టుకున్నవాళ్లని చూశాను, పాపం ఏడాది కష్టం అది.

కొన్ని దేశాల్లో, ఒకసారి లెక్కతేలి సంపాదించుకున్న మొత్తాన్ని ఇలాంటి షరతుతో ఆపకూడదని కార్మిక చట్టాలు చెబుతాయి. ప్లాన్‌లో "యాజమాన్యం విచక్షణ మేరకు" అని ఉందా, "ఈ లెక్క ప్రకారం చెల్లించబడుతుంది" అని ఉందా అన్నది అప్పుడు పెద్ద తేడా చేస్తుంది. పెద్ద మొత్తమైతే, ఉద్యోగ చట్టాలు తెలిసిన లాయరుకి ఆ ఒక్క పేజీ చూపించండి.

మీరు అక్టోబర్ 31న వెళ్లేలా ఉన్నారు కాబట్టి పై మూడింటిలో ఏ షరతు ఉన్నా ఈ ఏడాదిది రాదనే అనుకుని ముందుకెళ్లండి. ఎంత వదులుకుంటున్నారో మాత్రం తెలుసుకోండి. ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా 214 రోజులు. మీ జీతం మారలేదనుకుంటే 2,40,000లో 365కి 214 వంతులు, 1,40,712. కంపెనీ స్కోరు నిరుటిలాగే 90 శాతం ఉంటుందనుకుంటే 1,26,641. ఈ అంకెని కొత్త కంపెనీతో మాట్లాడేటప్పుడు బల్ల మీద పెట్టండి. "మీ దగ్గర చేరడం వల్ల నాకు పోతున్న వేరియబుల్ ఇంత, దీనికి జాయినింగ్ బోనస్ ఇవ్వగలరా" అని అడగడం మామూలు విషయమే, నియామకాలు చూసేవాళ్లు రోజూ వినే మాట. ఉజ్జాయింపు అంకె చెప్పకుండా 214 రోజుల లెక్కా, ప్లాన్ పేజీ చూపిస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఇచ్చినప్పుడు సాధారణంగా ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు పెడతారు. పన్నుకి ముందు మొత్తం కట్టాలా, మీ చేతికి వచ్చినంతే కట్టాలా, ఎన్ని నెలలు ఉంటే అంత తగ్గుతుందా అన్నది అప్పుడే రాతలో పెట్టించుకోండి.

మీ కంపెనీ వేరియబుల్‌లో కొంత ప్రతి మూడు నెలలకీ ఇస్తూ ఉంటే ఇంకోటి చూడాలి. ఆ లెటర్లలో "అడ్వాన్స్" అన్న మాట ఉంటే, మీరు వెళ్లేటప్పుడు ఈ ఏప్రిల్ తర్వాత ఇచ్చినదంతా ఫుల్ అండ్ ఫైనల్‌లో తిరిగి కోసుకునే అవకాశం ఉంది. "మొదటి త్రైమాసికపు చెల్లింపు" అని ఉండి, ఆ మూడు నెలల స్కోరు చూసే ఇచ్చారంటే అది ముగిసిన లెక్క, దాన్ని వెనక్కి తీసుకోకూడదు. ఈ తేడా తెలియకే చాలామంది ఆఖరి నెల జీతం చూసి కంగారుపడతారు. రాజీనామాకి ముందే ఆ లెటర్లు తీసి చదవండి, ఆఫీసు మెయిల్‌లో ఉంటే సొంత ఫైల్లోకి ఒక కాపీ తీసుకోండి. ఆఖరి పనిదినం సాయంత్రానికల్లా లాగిన్ పోతుంది.

చివరగా కొత్త కంపెనీ సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో అడగండి. వాళ్లదీ ఏప్రిల్ నుంచి మార్చి దాకానే అయితే, నవంబర్ 1న చేరితే అక్కడ మీకు 151 రోజులు దక్కుతాయి. ఇక్కడ పోయేవి 214, అక్కడ వచ్చేవి 151, కలిపితే సరిగ్గా ఏడాది. జనవరి నుంచి డిసెంబర్ దాకా అయితే ఆ ఏడాదికి మీకు మిగిలేవి నవంబర్, డిసెంబర్ కలిపి 61 రోజులే. కనీసం 90 రోజులు పనిచేసినవారికే వేరియబుల్ అన్న నిబంధన చాలాచోట్ల ఉంటుంది. అది ఉంటే ఆ 61 రోజులకి సున్నా. కొన్ని కంపెనీలు అలాంటివాళ్ల రోజుల్ని వచ్చే సంవత్సరంలో కలిపి 14 నెలలకి లెక్కేస్తాయి, కొన్ని వదిలేస్తాయి. వదిలేసేవాళ్లయితే జాయినింగ్ బోనస్ అడిగేటప్పుడు 214 రోజుల మొత్తం ఒక్కటే చెప్పకుండా ఆ 61 రోజులనీ కలిపి అడగండి, లేదా ఆ 61 రోజులకి కనీస రోజుల నిబంధన వర్తించదని ఆఫర్ లెటర్లోనే ఒక వాక్యం రాయించుకోండి.